గాలి ఒకవైపు, రక్తం మరోవైపు

ఊపిరితిత్తుల్లో రక్తానికి ఆక్సిజన్ అందాలంటే రెండు ప్రవాహాలు ఒకే చోట కలవాలి. ఒకటి శ్వాసనాళాల గుండా లోపలికి వచ్చే గాలి. రెండోది శరీరమంతా తిరిగి ఆక్సిజన్ తగ్గిపోయి, గుండె కుడి భాగం నుంచి పుపుస ధమని ద్వారా వచ్చే రక్తం. ఈ రెండూ కలిసేది గాలిగదుల దగ్గర. మనిషి ఊపిరితిత్తుల్లో అలాంటి గదులు కోట్ల సంఖ్యలో ఉంటాయి. ఒక్కో గది చుట్టూ సన్నటి కేశనాళికలు వలలా అల్లుకుని ఉంటాయి. గాలికీ రక్తానికీ మధ్య ఉండే పొర ఎంత పలచనంటే, ఎర్ర రక్తకణం ఆ వలలో ఉండే ముప్పావు సెకనులో మొదటి పావు సెకనుకే ఆక్సిజన్ నింపుకోవడం దాదాపు పూర్తవుతుంది.

గాలిగదికి గాలి చేరడాన్ని వైద్యులు వెంటిలేషన్ అంటారు. దాని చుట్టూ రక్తం పారడాన్ని పర్‌ఫ్యూజన్ అంటారు. విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో నిమిషానికి సుమారు 4 లీటర్ల గాలి గాలిగదుల దాకా చేరుతుంది, సుమారు 5 లీటర్ల రక్తం వాటి పక్కగా పారుతుంది. నాలుగును ఐదుతో భాగిస్తే 0.8 వస్తుంది. దీన్నే వెంటిలేషన్-పర్‌ఫ్యూజన్ నిష్పత్తి అని, క్లుప్తంగా వి/క్యూ అని పిలుస్తారు.

అయితే ఈ 0.8 మొత్తం ఊపిరితిత్తులకు కట్టిన లెక్క. గాలి అంతా ఎడమ ఊపిరితిత్తికి, రక్తం అంతా కుడి ఊపిరితిత్తికి వెళ్లినా లెక్కలో వచ్చేది 0.8 మాత్రమే. కానీ ఆ మనిషి రక్తానికి ఒక్క చుక్క ఆక్సిజన్ కూడా అందదు. అందువల్ల మొత్తం మీద ఎంత గాలి, ఎంత రక్తం అన్నది సగం ప్రశ్నే. గాలి వెళ్లిన గదికే రక్తం కూడా వెళ్లిందా, తగిన పాళ్లలో వెళ్లిందా అన్నది మిగతా సగం. ఈ పొత్తు చెడటమే వెంటిలేషన్-పర్‌ఫ్యూజన్ మిస్‌మ్యాచ్. న్యుమోనియా, ఉబ్బసం, సీఓపీడీ, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ వంటి జబ్బుల్లో ధమని రక్తంలో ఆక్సిజన్ పడిపోవడానికి అన్నింటికంటే తరచుగా కనిపించే కారణం ఇదే.

నిజానికి ఆరోగ్యవంతుల్లో కూడా ఈ పొత్తు నూటికి నూరు పాళ్లు కుదరదు. మనిషి నిలబడి ఉన్నప్పుడు బరువు వల్ల రక్తం ఊపిరితిత్తుల అడుగు భాగానికి ఎక్కువగా చేరుతుంది. గాలి కూడా అడుగుకే ఎక్కువ వెళ్తుంది గానీ, రక్తంలో ఉన్నంత తేడా గాలిలో ఉండదు. ఫలితంగా పై కొసన రక్తం కంటే గాలి చాలా ఎక్కువ, అడుగున గాలి కంటే రక్తం ఎక్కువ. 1960 ప్రాంతంలో లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో జాన్ వెస్ట్, ఆయన సహచరులు రేడియోధార్మిక వాయువులను పీల్పించి ఈ తేడాను కొలిచారు. ఆ కొలతలపై కట్టిన లెక్క ప్రకారం పై కొసన వి/క్యూ 3 దాటుతుంది, అడుగున 0.6 దగ్గర ఉంటుంది. అందువల్ల పై గదుల్లో ఆక్సిజన్ పీడనం 130 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటే, అడుగు గదుల్లో 90 దగ్గర ఆగిపోతుంది. పెద్దవారిలో క్షయ తరచుగా ఊపిరితిత్తుల పై భాగాన్నే ఆశ్రయించడానికి అక్కడి ఆక్సిజన్ సమృద్ధి ఒక కారణమని వైద్యులు భావిస్తారు. ఆరోగ్యవంతుల్లో ఈ హెచ్చుతగ్గుల వల్ల ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం తగ్గేది నాలుగైదు మిల్లీమీటర్లే. శరీరం దాన్ని లెక్కచేయదు.

జబ్బులో మాత్రం ఈ తేడా హద్దు మీరుతుంది. అది రెండు దిక్కులుగా సాగవచ్చు. వేరుశనగ పలుకు నములుతున్న రెండేళ్ల బిడ్డకు పొరబోయి, ఆ పలుకు ఒక పక్క శ్వాసనాళంలో ఇరుక్కుందనుకుంటే, ఆ వైపు గదులకు గాలి ఆగిపోతుంది. రక్తం మాత్రం అక్కడికి వస్తూనే ఉంటుంది. వచ్చిన రక్తం ఆక్సిజన్ పుంజుకోకుండానే గుండె ఎడమ భాగానికి చేరిపోతుంది. ఇక్కడ వి/క్యూ సున్నా. దీనికి షంట్ అని పేరు. న్యుమోనియాలో గదులు చీముతో, ద్రవంతో నిండిపోయినా జరిగేది ఇదే.

రెండో దిక్కుకు ఉదాహరణ కాలి సిరలో గడ్డకట్టిన రక్తం. తుంటి ఆపరేషన్ తర్వాత మంచం మీదే ఉన్న రోగి పిక్క సిరల్లో ఏర్పడిన గడ్డ ఊడి, గుండె మీదుగా వెళ్లి పుపుస ధమని కొమ్మలో ఇరుక్కుంటే, ఆ కొమ్మ పరిధిలోని గదులకు గాలి వస్తుంది కానీ రక్తం రాదు. అక్కడికి పీల్చిన గాలి వచ్చినట్టే బయటికి పోతుంది. దీన్ని డెడ్ స్పేస్ అంటారు. పైకి చూస్తే దీనివల్ల శ్వాస వృథా కావాలే తప్ప రక్తంలో ఆక్సిజన్ తగ్గకూడదు, ఎందుకంటే రక్తం లేని గది రక్తాన్ని పాడుచేయలేదు. కానీ ఆ కొమ్మలోకి పోవలసిన రక్తం ఎక్కడికో ఒకచోటికి వెళ్లాలి. అది మిగిలిన గదుల మీద పడుతుంది. ఆ గదులకు వచ్చే గాలి ఆ అదనపు రక్తానికి చాలదు. అక్కడ వి/క్యూ పడిపోయి, ఆక్సిజన్ అక్కడ తగ్గుతుంది. గడ్డ అడ్డుపడింది ఒకచోట, రక్తం ఆక్సిజన్‌కు కరువయ్యేది మరొకచోట.

ఈ రెండు కొసల మధ్య ఉండే స్థితి ఎక్కువ మంది రోగులది. గాలి పూర్తిగా ఆగదు, తగ్గుతుంది. ఉబ్బసంలో బిగుసుకున్న నాళాలు, సీఓపీడీలో కఫంతో ఇరుకైన నాళాలు గాలిని కొన్ని గదులకు సన్నగా, మిగతా గదులకు ధారాళంగా పంపుతాయి. ధమని రక్తం మీద దీని ప్రభావం అర్థం కావాలంటే ఒక చిన్న లెక్క వేసి చూడాలి.

ఊపిరితిత్తులను రెండే రెండు పెద్ద గదులుగా ఊహించుకుందాం. ఒక్కోదానికి నిమిషానికి రెండున్నర లీటర్ల రక్తం, రెండు లీటర్ల గాలి అందుతున్నాయి. రెండు చోట్లా వి/క్యూ 0.8. రెండు గదుల్లోనూ ఆక్సిజన్ పీడనం సుమారు 100 మిల్లీమీటర్లు. వచ్చే రక్తంలో హిమోగ్లోబిన్ 75 శాతం నిండి ఉంటుంది, పోయే రక్తంలో 98 శాతం దాకా నిండుతుంది. అంతా సవ్యంగా ఉంది.

ఇప్పుడు ఎడమ గదికి వెళ్లే నాళం ఇరుకైంది. అక్కడికి అర లీటరు గాలే చేరుతోంది. మిగిలిన మూడున్నర లీటర్లూ కుడి గదికి వెళ్తున్నాయి. మొత్తం గాలి మునుపటిలాగే 4 లీటర్లు, మొత్తం రక్తం 5 లీటర్లు. నిష్పత్తి కూడా అదే 0.8. కానీ ఎడమ గదిలో వి/క్యూ 0.2కు పడిపోయింది, కుడి గదిలో 1.4కు పెరిగింది. ఎడమ గదిలోని కొద్దిపాటి గాలి నుంచి రక్తం ఆక్సిజన్‌ను లాగేసుకుంటూ ఉండటంతో అక్కడి పీడనం సుమారు 52 దగ్గర నిలుస్తుంది. కుడి గదిలో గాలి ధారాళంగా ఉండటంతో అది 119 దాకా పెరుగుతుంది.

ఈ రెండు గదుల నుంచి వచ్చే రక్తాలు కలిస్తే ధమనిలో ఆక్సిజన్ పీడనం ఎంత ఉంటుంది? 52కీ 119కీ సగటు తీసి 85 అనుకోవడం సహజం. అసలు వచ్చేది 65 మాత్రమే. ఎందుకంటే రక్తాలు కలిసినప్పుడు సగటు పడేది పీడనాలకు కాదు, వాటిలో ఉన్న ఆక్సిజన్ పరిమాణానికి. ఆ ఆక్సిజన్‌లో దాదాపు అంతా హిమోగ్లోబిన్ మోసేదే. ప్లాస్మాలో కరిగి ఉండేది చాలా స్వల్పం. కుడి గదిలో పీడనం 100 నుంచి 119కి పెరిగినా హిమోగ్లోబిన్ 98 శాతం నుంచి 98.5 దాకా మాత్రమే వెళ్లగలిగింది. ఎడమ గదిలో అదే హిమోగ్లోబిన్ 86 శాతానికి దిగజారింది. రెంటినీ సమానంగా కలిపితే 92 శాతం చిల్లర. 92 శాతం నిండిన రక్తంలో ఆక్సిజన్ పీడనం 65 దగ్గర ఉంటుంది.

యాభై సీట్ల బస్సుల వరసను తలచుకుంటే ఇది ఇంకా తేటపడుతుంది. ఒక బస్టాండులో రెండు వందల మంది ఎదురుచూస్తున్నా బస్సుకు ఎక్కేది యాభై మందే. పక్క బస్టాండులో జనం లేక సగం సీట్లతో వెళ్లిన బస్సు ఖాళీని ఈ రెండు వందల మంది పూడ్చలేరు. హిమోగ్లోబిన్ సంగతి సరిగ్గా ఇదే. గాలి సమృద్ధిగా ఉన్న గది పక్కన పారే రక్తం ఎప్పుడో నిండిపోయింది. అక్కడ ఇంకెంత గాలి వచ్చి చేరినా అది ఎడమ గది చేసిన లోటును తీర్చలేదు.

రోగి ఆయాసపడుతూ వేగంగా ఊపిరి పీల్చినా ఆక్సిజన్ ఎందుకు పెరగదో ఇక్కడే తెలుస్తుంది. అదనంగా పీల్చిన గాలిలో ఎక్కువ భాగం దారి తెరిచి ఉన్న కుడి గదికే వెళ్తుంది. అక్కడ గాలిని 5 లీటర్లకు పెంచినా రక్తం మరో అర శాతం కూడా పుంజుకోదు.

కార్బన్ డయాక్సైడ్ కథ వేరు. దాన్ని మోయడంలో రక్తానికి నిండిపోయే హద్దు అలా అడ్డురాదు. గదిలో దాని పీడనం తగ్గే కొద్దీ రక్తం దాదాపు అదే పాళ్లలో దాన్ని వదులుతూ పోతుంది. పై లెక్కలోనే ఎడమ గదిలో కార్బన్ డయాక్సైడ్ పీడనం సుమారు 45, కుడి గదిలో 38. కలిస్తే 41. సాధారణ స్థాయి 40. శ్వాస మరికాస్త పెరిగితే కుడి గది ఇంకొంచెం ఎక్కువ కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపి ఎడమ గది బాకీని తీర్చేస్తుంది. అందుకే ఉబ్బసం తొలి దశలో, న్యుమోనియాలో, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ ఉన్నప్పుడు రక్త పరీక్షలో ఆక్సిజన్ తక్కువగా, కార్బన్ డయాక్సైడ్ మామూలుగానో ఇంకా తక్కువగానో కనిపిస్తుంది. ఉబ్బసం తీవ్రంగా ఉండి, నిమిషానికి ముప్పై సార్లు ఊపిరి తీస్తున్న రోగిలో కార్బన్ డయాక్సైడ్ 40కి వచ్చిందంటే అది మెరుగుదల కాదు. అంత శ్రమకు అది 40 కంటే బాగా తక్కువ ఉండాలి. మామూలు అంకె కనబడటం అలసట మొదలైందనడానికి గుర్తు. ఆ అంకెను చూసి ఊరట చెందిన చోట ప్రాణాపాయం పొంచి ఉంటుంది.

గాలి తగ్గిన గదికి రక్తం తగ్గించే ఏర్పాటు శరీరంలోనే ఉంది. గదిలో ఆక్సిజన్ పడిపోగానే దానికి రక్తం తెచ్చే చిన్న ధమనులు ముడుచుకుని, రక్తాన్ని గాలి ఉన్న గదుల వైపు మళ్లిస్తాయి. 1946లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఉల్ఫ్ వాన్ ఆయిలర్, యోరాన్ లిల్యెస్ట్రాండ్ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో దీన్ని గుర్తించారు. శరీరంలో మిగతా చోట్ల ఆక్సిజన్ తగ్గితే రక్తనాళాలు వెడల్పవుతాయి. ఊపిరితిత్తుల్లో మాత్రం అందుకు పూర్తిగా విరుద్ధం. పలుకు అడ్డుపడ్డ బిడ్డలో సగం ఊపిరితిత్తులకు గాలి ఆగినా ఆక్సిజన్ లెక్కలో చెప్పినంతగా పడిపోకపోవడానికి ఈ ముడుచుకోవడమే కారణం. అడ్డుపడిన వైపుకు రక్తం సగానికి బదులు అంతకంటే తక్కువే వెళ్తుంది.

ఈ ఏర్పాటుకు హద్దులున్నాయి. న్యుమోనియా వాపులో విడుదలయ్యే రసాయనాలు ఆ ముడుచుకోవడాన్ని మొద్దుబారుస్తాయి. కొన్ని మందులూ అంతే. ఉబ్బసం రోగికి సాల్బుటమాల్ నెబ్యులైజర్ పెట్టిన కొద్ది నిమిషాలకు ఆయాసం తగ్గుతూ ఉండగానే పల్స్ ఆక్సీమీటర్‌లో అంకె ఒకటి రెండు పాయింట్లు పడటం కొందరిలో కనిపిస్తుంది. మందు శ్వాసనాళాలను తెరవడంతో పాటు ముడుచుకుని ఉన్న రక్తనాళాలను కూడా వదులు చేస్తుంది. గాలి ఇంకా పూర్తిగా చేరని గదుల వైపు రక్తం ముందే పరుగెత్తుతుంది. ఇది కాసేపట్లో సర్దుకుంటుంది. ఉబ్బసం తీవ్రంగా ఉన్నప్పుడు నెబ్యులైజర్‌ను ఆక్సిజన్‌తోనే నడపడానికి ఇదీ ఒక కారణం.

లోపం ఏ కోవకు చెందిందో తేల్చడానికి ఆక్సిజన్ ఇచ్చి చూడటం మంచి మార్గం. మళ్లీ ఆ రెండు గదుల లెక్కకే వస్తే, ఎడమ గదికి అర లీటరు గాలి చేరుతున్న రోగికి నూరు శాతం ఆక్సిజన్ పీల్పిస్తే కొన్ని నిమిషాల్లో ఆ గదిలోని నైట్రోజన్ అంతా బయటికి పోతుంది. అక్కడ మిగిలేది ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి మాత్రమే. గాలి రాకడ ఎంత సన్నగా ఉన్నా పీడనం 600 దాటుతుంది. రక్తం పూర్తిగా నిండిపోతుంది. అంటే వి/క్యూ తక్కువగా ఉన్న చోట ఆక్సిజన్ బాగా పనిచేస్తుంది.

ఎడమ గది పూర్తిగా మూసుకుపోయి ఉంటే పరిస్థితి మారిపోతుంది. పీల్చిన ఆక్సిజన్ ఆ గదికి చేరనే చేరదు. అక్కడి రక్తం 75 శాతంతో వచ్చి 75 శాతంతోనే పోతుంది. మామూలు గాలి పీలుస్తున్నప్పుడు ఇది కుడి గది రక్తంతో కలిస్తే 87 శాతం, అంటే సుమారు 53 మిల్లీమీటర్లు. నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే కుడి గది రక్తానికి అదనంగా దక్కేది హిమోగ్లోబిన్‌లో మిగిలిన ఒకటిన్నర శాతం, ప్లాస్మాలో కరిగే రెండు మిల్లీలీటర్ల చొప్పున కొంత. నూరు మిల్లీలీటర్ల రక్తం మొత్తం మోసేది 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ కాబట్టి ఇది స్వల్పమే. ధమనిలో పీడనం 53 నుంచి ఎగబాకి 65 లోపే ఆగిపోతుంది. ఒకవైపు 600 పైచిలుకు, ఇంకోవైపు 65 లోపు. ఆక్సిజన్ గుక్కెడు పెంచగానే అంకె లేచిందా, ముఖానికి మాస్క్ బిగించి ధారగా ఇచ్చినా కదల్లేదా అన్నది చూస్తే లోపల గదులు ఇరుకయ్యాయా, మూసుకుపోయాయా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. కొవిడ్ రోజుల్లో కొందరు రోగులకు సిలిండర్లు మార్చి మార్చి పెట్టినా ఆక్సీమీటర్ అంకె పైకి రాకపోవడం చాలా కుటుంబాలు కళ్లారా చూశాయి. వాళ్ల ఊపిరితిత్తుల్లో ఎక్కువ గదులు ద్రవంతో నిండి మూతపడ్డాయి.

ఈ లెక్కల్లో ఒక సులువు దాగి ఉంది. వచ్చే సిర రక్తం ఎప్పుడూ 75 శాతం నిండి ఉంటుందని అనుకున్నాం. నిజానికి ధమనిలో ఆక్సిజన్ పడిపోతే సిరలోనూ పడుతుంది. జ్వరం వచ్చినా, వణుకు పుట్టినా, నాలుగడుగులు నడిచినా కణజాలం ఎక్కువ ఆక్సిజన్ లాగేసుకుని సిర రక్తాన్ని 60 శాతానికో ఇంకా దిగువకో దించుతుంది. మూసుకున్న గది పక్కగా ఆ రక్తం అలాగే దాటిపోయి ధమనిని ఇంకా కిందికి లాగుతుంది. మంచం మీద 93 చూపించిన ఆక్సీమీటర్ బాత్రూముకు వెళ్లి వచ్చేసరికి 86 చూపించడంలో దీని పాత్ర ఉంది.

ఇప్పుడు ఒక ఉదాహరణను అంకెలతో సహా పరిశీలిద్దాం. ఊహించిన రోగే అయినా తెలుగు పల్లెల్లో ఇలాంటి వారు తరచుగా కనిపిస్తారు. అరవై ఏళ్ల స్త్రీ, పొగ తాగే అలవాటు లేదు, నలభై ఏళ్లు కట్టెల పొయ్యి మీద వంట చేసింది. దగ్గు, కఫం ఏళ్ల తరబడి ఉన్నాయి. జలుబు చేసిన నాలుగు రోజులకు ఆయాసం పెరిగి ఆసుపత్రికి వచ్చింది. మణికట్టు ధమని నుంచి రక్తం తీసి ఏబీజీ పరీక్ష చేశారు. మామూలు గాలి పీలుస్తుండగా ఆక్సిజన్ పీడనం 52, కార్బన్ డయాక్సైడ్ 48.

కార్బన్ డయాక్సైడ్ కాస్త పెరిగింది కాబట్టి ఆమె తగినంత ఊపిరి తీయకపోవడం వల్లే ఆక్సిజన్ తగ్గిందా? గాలిగదిలో ఆక్సిజన్ ఎంత ఉండాలో లెక్క కడితే జవాబు దొరుకుతుంది. అందుకు వాడే సూత్రం ఇది:

PAO2 = FiO2 × (PB − 47) − PaCO2 / 0.8

గాలిలో ఆక్సిజన్ వంతు 0.21. సముద్ర మట్టం దగ్గర వాతావరణ పీడనం 760. లోపలికి వెళ్లిన గాలిలో నీటి ఆవిరి పీడనం 47. 760లోంచి 47 తీసేసి 0.21తో గుణిస్తే 150 వస్తుంది. 48ని 0.8తో భాగిస్తే 60. 150 నుంచి 60 తీసేస్తే 90. గాలిగదిలో 90 ఉండవలసి ఉంది, ధమనిలో 52 ఉంది. తేడా 38. ఈ తేడా వయసుతో పెరుగుతుంది. వయసును నాలుగుతో భాగించి నాలుగు కలిపితే ఉండదగిన గరిష్ఠ తేడా ఉజ్జాయింపుగా తెలుస్తుంది. అరవై ఏళ్లకు అది 19. ఈమెలో దానికి రెట్టింపు ఉంది. ఊపిరి తగ్గడం వల్ల పోయినది 100 నుంచి 90 దాకా, ఆ పది మాత్రమే. మిగతా లోటు గాలికీ రక్తానికీ పొత్తు కుదరక వచ్చింది. నిద్రమాత్రలు ఎక్కువ మింగి ఊపిరి మందగించిన మనిషిలోనైతే ఆక్సిజన్ తగ్గినా ఈ తేడా మామూలుగానే ఉండేది.

ఈ లెక్క విజయవాడలో, విశాఖలో ఉన్నట్టే హైదరాబాద్‌లో పనికిరాదు. ఆ నగరం సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. అక్కడ వాతావరణ పీడనం 715 దగ్గర ఉంటుంది. 150 బదులు 140 వేయాలి. ఊరు మార్చకుండా లెక్క కడితే తేడా పది మిల్లీమీటర్లు ఎక్కువగా తేలి, లేని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు.

ఆమెకు 28 శాతం ఆక్సిజన్ ఇచ్చే వెంచురీ మాస్క్ పెట్టారు. అరగంటకు ధమని ఆక్సిజన్ 64కు, నిండిన శాతం 91కి చేరింది. ఇంత కొద్దిపాటి పెంపుకే అంకె లేవడం, గదులు మూసుకుపోలేదని, ఇరుకయ్యాయని చెబుతుంది. ఇక్కడ ఆగడమే సరైన వైద్యం. శాతం 99 చూడాలని మాస్క్ మార్చి ధారగా ఆక్సిజన్ ఇస్తే ఆమెకు మగత కమ్మవచ్చు, కార్బన్ డయాక్సైడ్ 48 నుంచి 60 దాటవచ్చు. ఊపిరి తీయాలన్న ప్రేరణ ఆక్సిజన్ వల్ల చచ్చిపోవడమే దీనికి కారణమని చాలాకాలం చెప్పుకొన్నారు. దాని వంతు కొంత ఉండవచ్చు గానీ, పెద్ద వంతు వి/క్యూదే. గాలి సరిగా రాని గదుల దగ్గర ముడుచుకుని ఉన్న రక్తనాళాలు, అక్కడ ఆక్సిజన్ పెరగగానే తెరుచుకుంటాయి. రక్తం మంచి గదులను వదిలి ఆ గదుల వైపు మళ్లుతుంది. అక్కడ ఆక్సిజన్‌కు కొదవ లేదు గానీ, కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోసే గాలి రాకడ లేదు. పైగా ఆక్సిజన్‌తో నిండిన హిమోగ్లోబిన్ తాను మోస్తున్న కార్బన్ డయాక్సైడ్‌లో కొంత వదిలేస్తుంది. ఈ కారణాల వల్ల సీఓపీడీ రోగులకు ఆక్సిజన్ శాతాన్ని 88 నుంచి 92 మధ్య ఉంచాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. వేలికి తగిలించిన పల్స్ ఆక్సీమీటర్ కార్బన్ డయాక్సైడ్ గురించి ఏమీ చెప్పదు. 99 అంకె వెలుగుతూ ఉండగానే రోగి మగతలోకి జారిపోవచ్చు.

ఆక్సీమీటర్‌కు ఇంకో పరిమితి ఉంది. ధమనిలో ఆక్సిజన్ పీడనం 100 నుంచి 65కు పడినా అది చూపించే అంకె 98 నుంచి 92కు మాత్రమే దిగుతుంది. అప్పటికే పొత్తు బాగా చెడింది. ఆపైన పీడనం 60 దాటి దిగితే అంకె నిటారుగా పడుతుంది. అందువల్ల ఎప్పుడూ 98 ఉండే మనిషిలో 93 కనబడితే ఐదే కదా తగ్గింది అనుకోవడానికి వీల్లేదు.

మందులతో, ఆక్సిజన్‌తో పాటు పడుకునే భంగిమ కూడా ఈ పొత్తును మారుస్తుంది. రక్తం బరువుకు కిందికి వెళ్తుంది కాబట్టి, ఒక ఊపిరితిత్తికే న్యుమోనియా ఉన్న పెద్దవారిని మంచి వైపు కిందికి ఉండేలా పక్కకు తిప్పి పడుకోబెడితే రక్తం గాలి ఉన్న చోటికే ఎక్కువగా చేరుతుంది. ఒక్కోసారి ఇంత చిన్న మార్పుకే ఆక్సిజన్ శాతం చెప్పుకోదగినంత పెరుగుతుంది. జబ్బు రెండు వైపులా ఉంటే బోర్లా పడుకోబెడతారు. వెల్లకిలా ఉన్నప్పుడు గుండె, పొట్టలోని అవయవాలు వీపు వైపు ఊపిరితిత్తులను నొక్కి అక్కడి గదులను మూసేస్తాయి. రక్తం మాత్రం ఎక్కువగా అక్కడికే పోతుంది. బోర్లా తిప్పగానే వీపు వైపు గదులు తెరుచుకుంటాయి, అయినా వాటికి రక్తం పెద్దగా తగ్గదు. 2013లో ఫ్రాన్స్ వైద్యుడు క్లోడ్ గెరాన్ బృందం ప్రచురించిన ప్రోసీవా పరిశోధనలో, తీవ్రమైన ఏఆర్‌డీఎస్‌తో వెంటిలేటర్ మీద ఉన్న రోగులను రోజుకు కనీసం 16 గంటలు బోర్లా ఉంచినప్పుడు మరణాలు బాగా తగ్గాయి. కొవిడ్ వార్డుల్లో రోగులను బోర్లా పడుకోమనడానికి మూలం ఇదే.

మంచి వైపు కిందికి అన్న సూత్రం పసిబిడ్డలకు వర్తించదు. వారి పక్కటెముకల గూడు మెత్తన. కింది వైపు ఊపిరితిత్తి నొక్కుకుపోయి గాలి పై వైపుకే ఎక్కువగా వెళ్తుంది. బిడ్డ శరీరం చిన్నది కావడంతో రక్తం కిందికి దిగే తేడా కూడా అంతగా ఉండదు. కాబట్టి ఒక వైపే జబ్బు ఉన్న పసిబిడ్డను మంచి ఊపిరితిత్తి పైకి ఉండేలా పడుకోబెట్టినప్పుడే తరచుగా ఆక్సిజన్ మెరుగ్గా ఉంటుంది.